నాగరిలో ఒకే పేరు, ఇంగ్లిషులో నాలుగు పేర్లు

ప్రశ్న: మాది సోలాపూర్‌లో స్థిరపడిన తెలుగు నేత కుటుంబం. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చాను. నా బడి టీసీ మరాఠీలో మాత్రమే ఉంది: चिलका ज्योत्स्ना लक्ष्मीनारायण. పదో తరగతి మార్కుల పత్రంలో CHILKA JYOTSNA LAXMINARAYAN, ఆధార్‌లో Jyothsna Lakshminarayana Chilaka, పాన్‌లో Jyotsna Chilka, బ్యాంకు పాసుపుస్తకంలో Ch Jyosna అని ఉంది. (అసలు పేర్లు మార్చి రాశాను, తేడాలు మాత్రం ఇవే.) ఇప్పుడు మొదటిసారి పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయాలి. టీసీలో ఉన్న దేవనాగరి ప్రకారం వీటిలో ఏది సరైనది? గెజెట్‌లో వేయించాలా?

జవాబు:

దేవనాగరి ప్రకారం వీటిలో ఏదీ సరైనది కాదమ్మా, ఏదీ తప్పూ కాదు. మనుషుల పేర్లను నాగరి నుంచి ఇంగ్లిషు అక్షరాల్లోకి ఇలాగే మార్చి తీరాలని నిర్బంధించే పట్టిక మన దేశంలో లేదు. పటాల మీద ఊళ్ల పేర్లు రాయడానికి సర్వే ఆఫ్ ఇండియా హంటేరియన్ అనే పద్ధతిని వాడుతుంది. 19వ శతాబ్దంలో విలియం విల్సన్ హంటర్ అనే అధికారి స్థిరపరిచిన పద్ధతి అది. దాని ప్రకారం लक्ष्मी అంటే Lakshmi. అయినా Laxmi అని రాసుకున్నవారి దరఖాస్తును ఆ కారణంగా ఎవరూ తిప్పి పంపరు. కాగితాల లెక్కలో మీ నాగరి పేరు ఒకటి, ఇంగ్లిషు పేరు మరొకటి. రెండోది మొదటిదానికి అనువాదం కాదు, ఎప్పుడో ఎవరో మీ తరఫున విడిగా ఎంచిన అక్షరాల వరుస. అందుకే ఏది సరైనదని కాకుండా, నాలుగింటిలో ఏది మార్చడానికి వీలులేనిదని అడగాలి. దాన్ని అలాగే ఉంచి మిగతా మూడింటిని దానికి తగ్గట్టు దిద్దుకోవాలి. గెజెట్ మీకు అక్కర్లేదనే నా అభిప్రాయం. కారణం తర్వాత చెబుతాను.

నేను బ్యాంకులో 27 ఏళ్లు పనిచేశాను, అందులో ఆరేళ్లు సోలాపూర్‌లోనే. పద్మశాలీల పేటల నుంచి వచ్చిన ఖాతా దరఖాస్తులు వందల్లో చూశాను. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కాగితాల మీద ఇంగ్లిషు. ఒక పేరు ఈ మూడు గుమ్మాలూ దాటేసరికి ఏం పోగొట్టుకుంటుందో, ఏం తగిలించుకుంటుందో దాదాపు ముందే చెప్పవచ్చు. మీ నాలుగు రూపాలు ఎలా పుట్టాయో చూస్తే, ఐదోది పుట్టకుండా ఎక్కడ కాపలా కాయాలో తెలుస్తుంది.

ఇంటి పేరుతో మొదలుపెడదాం. తెలుగులో అది చిలక. మూడు అక్షరాలు, మొదటిదానికి ఇకారం, మిగతా రెండింటికీ అకారం, మూడూ పలుకుతాం. నాగరి లిపిలోనూ హల్లులో అకారం ఇమిడే ఉంటుంది. అయితే మరాఠీ, హిందీ మాట్లాడేవారు పదం చివర ఉన్న అకారాన్ని పలకరు. चिलक అని రాస్తే చిలక్ అని చదువుతారు. మీ తాతగారినో నాన్నగారినో బడిలో చేర్చుకున్న గురువు ఆ చివరి అచ్చును కాపాడాలని దీర్ఘం పెట్టి चिलका అని రాసి ఉంటారు. దానితో చివరి అచ్చు నిలిచింది, మధ్యలో ఉన్న ల అకారం పోయింది. ఎందుకంటే తర్వాతి అక్షరానికి దీర్ఘం ఉంటే మధ్యలోని అకారాన్నీ వారు మింగేస్తారు. పలుకుబడి చిల్కా అయింది, పదో తరగతి బోర్డు CHILKA అని అచ్చు వేసింది. ఆ తర్వాత మీరు హైదరాబాద్‌లో ఆధార్ సరిచేయించుకుని ఉంటే, అక్కడి ఉద్యోగి తన తెలుగు చెవితో చిలక అని విని Chilaka అని కొట్టి ఉంటాడు. ఇద్దరూ తాము విన్నదే రాశారు. మీ నాన్నగారి పేరు చివర ఒక చోట ఏ ఉండటం, మరో చోట లేకపోవడం కూడా ఇదే కథ. తెలుగులో నారాయణ, మరాఠీ పలుకుబడిలో నారాయణ్.

ఇక త సంగతి. ఇంగ్లిషులో రాసేటప్పుడు మనం టకు టి అక్షరాన్ని, తకు టి పక్కన హెచ్‌ను వాడుకుంటాం. లత Latha అవుతుంది, సావిత్రి Savithri అవుతుంది, జ్యోత్స్న Jyothsna అవుతుంది. మరాఠీ, హిందీ వారికి ఆ అలవాటు లేదు. వారికి ట అయినా త అయినా ఒట్టి టి చాలు, హెచ్ చేరిస్తే అది థ. కాబట్టి మీ ఆధార్‌లో దూరిన హెచ్ తెలుగు చెయ్యి, మార్కుల పత్రంలో హెచ్ లేనిది మరాఠీ చెయ్యి. బ్యాంకువారి Jyosna మాత్రం ఏ పద్ధతీ కాదు, కౌంటర్లో ఎవరో నోటితో చెబితే విన్న జోస్న అది. మా శాఖలోనూ ఇలాంటివి జరిగాయి, ఒప్పుకోవాలి.

ఇటువంటి జంటలు ఇంకా ఉన్నాయి: Srinivas, Shrinivas, Krupa, Kripa. మధ్యలో వచ్చే తేడాలు ఫరవాలేదు, కంటికి వెంటనే ఒకే పేరులా కనిపిస్తాయి. నిజంగా కష్టపెట్టేవి మొదటి అక్షరం మారే పేర్లు. ज्ञानेश्वर అనే ఒకే నాగరి పేరు మహారాష్ట్రలో Dnyaneshwar, హిందీ ప్రాంతాల్లో Gyaneshwar, మన దగ్గర Jnaneswar లేదా Gnaneswar. డి, జి, జె. పాత రిజిస్టరులో వెతికేవారు మొదటి అక్షరంతోనే మొదలుపెడతారు కాబట్టి ఈ పేరుగల మనిషి ఒక జాబితాలో ఉండి కూడా దొరకడు. మీ పేరుకు ఆ బాధ లేదు, జె దగ్గరే ఉంది. కానీ బ్యాంకువారు ముందు Ch తగిలించడంతో మీరు సి దగ్గరికి వెళ్లిపోయారు.

ఇప్పుడు యంత్రం వంతు. ఆధార్ నమోదు కేంద్రంలో పేరును ఇంగ్లిషులో కొడతారు, పక్కన ఉన్న స్థానిక భాష గడిని సాఫ్ట్‌వేర్ తనంతట తానే నింపుతుంది. అది తప్పుగా నింపితే దిద్దవలసింది అక్కడి ఉద్యోగి, చూసి చెప్పవలసింది మనం. మా ఆవిడ పేరు Latha. సోలాపూర్‌లో ఉన్నప్పుడు ఆమె ఆధార్ నమోదయింది. యంత్రం హెచ్‌ను చూసింది, थ వేసింది, కార్డు మీద लथा అని వచ్చింది. మరాఠీలో అది పేరే కాదు. ఇంగ్లిషు వరుస సరిగ్గా ఉంది కదా అని మేము పట్టించుకోలేదు, చాలా ఏళ్లు దానివల్ల ఏ నష్టమూ జరగలేదు కూడా. ఎందుకంటే బ్యాంకులు, ఆదాయపు పన్ను శాఖ, విమానాలవారు పోల్చేది ఇంగ్లిషు వరుసనే.

దెబ్బ మరో వైపు నుంచి తగిలింది. ఒక వీసా కోసం మరాఠీలో ఉన్న మా వివాహ ధ్రువపత్రాన్ని ఇంగ్లిషులోకి అనువదించవలసి వచ్చింది. అందులో పేరు చక్కగా लता అని ఉంది. అనువాదకుడు నిజాయితీపరుడు, నియమం ప్రకారం Lata అని రాసిచ్చాడు. పాస్‌పోర్టులో Latha, అనువాదంలో Lata. వీసా కేంద్రంలో ఇద్దరూ ఒకరేనా అని అడిగారు, అనువాదం మళ్లీ చేయించాం, ఒక వారం పోయింది. తమాషా ఏమిటంటే, ఆధార్‌లో ఉన్న తప్పు రూపం लथा నుంచి అనువదించి ఉంటే సరిగ్గా Latha వచ్చేది.

ఆ వారం నేర్పినదాన్ని అప్పటి నుంచి అడిగినవారందరికీ చెబుతున్నాను. ఒకసారి ఇంగ్లిషు వరుస స్థిరపడ్డాక, నాగరి నుంచి దాన్ని మళ్లీ తయారు చేయనివ్వకూడదు. టీసీ, జనన నమోదు, కుల ధ్రువపత్రం, సాతబారా ఉతారా అనే భూమి పత్రం, ఏ మరాఠీ కాగితాన్ని అనువాదానికి ఇచ్చినా, దానితో పాటు మీ పదో తరగతి పత్రం నకలో పాస్‌పోర్టు నకలో జోడించి, పేర్లు మాత్రం ఇందులో ఉన్నట్టే రాయమని చెప్పండి. పేరు స్పెల్లింగు దరఖాస్తుదారు పాస్‌పోర్టు ప్రకారం రాయబడిందని అనువాదకుడు కింద ఒక వాక్యం చేర్చవచ్చు. మంచి అనువాదకులు అడగకముందే చేరుస్తారు.

ఇక మీ నాలుగింటిలో ఏది నిలబెట్టాలి? పదో తరగతి పత్రం. బడి వదిలాక బోర్డు రికార్డులో పేరు దిద్దించడం వీటన్నిటిలోకీ కష్టం. బడి రిజిస్టరు నుంచి మొదలుపెట్టి శాఖాధికారుల దాకా తిరగాలి. ఆధార్, పాన్, బ్యాంకు రికార్డులను ఒక దరఖాస్తుతో మార్చవచ్చు. పైగా ఇంగ్లిషులో మీ పేరు మొట్టమొదట అచ్చయింది అక్కడే, ఆ తర్వాత వచ్చిన డిగ్రీ పత్రాలు దాన్నే అనుసరించి ఉంటాయి. Chilaka మన చెవికి ఇంపుగా ఉంటుంది, నిజమే. కానీ ఆ ఇంపు కోసం బోర్డుతో తలపడటం దండగ. ఇప్పటికే పాస్‌పోర్టు, అందులో వీసాలు ఉన్నవారికి మాత్రం నా సలహా వేరు. వారికి పాస్‌పోర్టులో ఉన్న వరుసే నిలబెట్టవలసినది, ఎందుకంటే దాన్ని మార్చితే విదేశాల్లో ఉన్న రికార్డులన్నీ కదులుతాయి.

తర్వాత చూడవలసింది పేర్ల క్రమం. మహారాష్ట్ర బోర్డు ఇంటి పేరు ముందు, తన పేరు తర్వాత, తండ్రి పేరు చివర రాస్తుంది. ఆ క్రమం తెలియనివారు CHILKA మీ పేరనీ, LAXMINARAYAN ఇంటి పేరనీ అనుకుంటారు. మా శాఖలోనే ఒక విద్యార్థి ఖాతాను అతని తండ్రి పేరును ఇంటి పేరుగా పెట్టి తెరిచారు, డిగ్రీ పూర్తయ్యేదాకా ఎవరూ గమనించలేదు. అక్షరాలన్నీ సరిపోయినా గడులు తారుమారయితే అదీ తేడానే. ఇంకో చిక్కు మహారాష్ట్ర ఆచారం నుంచి వస్తుంది. అక్కడ పెళ్లయ్యాక స్త్రీ పేరు మధ్యలో తండ్రి పేరు తీసి భర్త పేరు, చివర భర్త ఇంటి పేరు పెడతారు. మీ అత్తవారో, బ్యాంకు గుమాస్తానో అదే సలహా ఇవ్వవచ్చు. పెళ్లయినంత మాత్రాన పేరు మార్చుకోవాలని ఏ చట్టమూ అడగదు, పాస్‌పోర్టులో భర్త పేరుకు విడిగా చోటు ఉంది. ఉన్న నాలుగు రూపాలు చాలు, ఐదోది వద్దు.

పాస్‌పోర్టు దరఖాస్తులో రెండు గడులు ఉంటాయి. ఇంటి పేరు గడిలో CHILKA, మీ పేరు గడిలో JYOTSNA LAXMINARAYAN. పొడి అక్షరాలు కుదరవు కాబట్టి Ch అనే అలవాటును ఇంటి దగ్గరే వదిలేయండి. పుస్తకం వచ్చాక మీ ఫొటో ఉన్న పేజీ అడుగున యంత్రం చదివే రెండు వరుసలు ఉంటాయి. మొదటి వరుస మీకు ఇలా ఉండాలి:

```
P<INDCHILKA<<JYOTSNA<LAXMINARAYAN<<<<<<<<<<<
```

ఈ వరుసలో మొత్తం 44 స్థానాలు, వాటిలో పేరుకు మిగిలేవి 39. ఇంటి పేరు తర్వాత రెండు గుర్తులు, మిగతా పేర్ల మధ్య ఒక్కో గుర్తు. విమానాశ్రయంలో యంత్రం చదివేది ఈ వరుసనే. మీ పేరు 39 స్థానాల్లో హాయిగా ఇముడుతుంది. నాలుగైదు పేర్లు కలిసిన పొడవాటి తెలుగు పేర్లు కొన్ని ఇక్కడ తెగిపోతాయి, అప్పుడు టికెట్టు మీద పేరును పై వరుసలో ఉన్నట్టు రాయాలా, కింద ఉన్నట్టు రాయాలా అనే సందేహం వస్తుంది. దానికి మీరు దిగులు పడనక్కర్లేదు.

ఇప్పుడు పని వరుస చెబుతాను. మొదట ఆధార్, తర్వాత పాన్, ఆ తర్వాత బ్యాంకు, చివర పాస్‌పోర్టు. చాలామంది తొందరలో పాస్‌పోర్టుతో మొదలుపెట్టి, సేవా కేంద్రంలో ఆధార్‌లో వేరే స్పెల్లింగు ఉందని ఆపితే వెనక్కి వస్తారు. ఆధార్ ముందు ఎందుకంటే మిగతావారు పేరును అక్కడి నుంచే తెచ్చుకుంటారు. పాన్ సవరణను ఆధార్ ఆధారంగా జరిగే ఈ-కేవైసీ దారిలో చేస్తే, మీరు ఏం కోరుకున్నా ఆధార్‌లో ఉన్న పేరే దిగుతుంది. బ్యాంకు కేవైసీ కూడా అంతే. మూలం దిద్దకుండా కింద ఎన్ని దిద్దినా పాత స్పెల్లింగు మళ్లీ పైకి తేలుతుంది.

ఆధార్‌లో పేరును జీవితకాలంలో రెండుసార్లే మార్చనిస్తారు. మీరు హైదరాబాద్‌లో ఒకసారి సరిచేయించి ఉంటే అది ఒకటి వాడేసినట్టే. అందుకే కేంద్రానికి వెళ్లే ముందు ఏ వరుస కావాలో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకుని తీసుకెళ్లండి, నోటితో చెప్పకండి. జ్యోత్స్న అని నోటితో చెబితే ఏమవుతుందో మీ పాసుపుస్తకమే సాక్ష్యం. రుజువుగా పనికివచ్చే పత్రాల జాబితా ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ వెబ్‌సైటులో ఉంటుంది, అప్పుడప్పుడు మారుతుంది, కాబట్టి వెళ్లే రోజు చూసుకోండి. మీ పాన్‌లో మీ పేరు మధ్యలో తండ్రి పేరు లేదు కనుక అది మూడు పేర్లు కలిసిన వరుసకు రుజువు కాదు. ఫొటో లేని పాత మార్కుల పత్రం దగ్గర అభ్యంతరం చెబితే, ఉడాయ్ ఇచ్చిన నమూనాలో గెజిటెడ్ అధికారి ఫొటో అంటించి సంతకం చేసిచ్చే ధ్రువీకరణ పత్రం ఒక దారి. అందులో పేరును మార్కుల పత్రంలో ఉన్న స్పెల్లింగుతోనే, కానీ మామూలు క్రమంలో రాయించండి: Jyotsna Laxminarayan Chilka.

కొట్టడం పూర్తయ్యాక ఉద్యోగి తెరను మీ వైపు తిప్పమనండి. ఇంగ్లిషు గడి చూశాక స్థానిక భాష గడినీ చూడండి. మీరు తెలుగు ఎంచుకుంటే, హెచ్ తీసేసిన Jyotsna నుంచి యంత్రం జ్యోట్స్నా అని వేసినా ఆశ్చర్యం లేదు. చేతితో జ్యోత్స్న లక్ష్మీనారాయణ చిలక అని దిద్దించండి. ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. తెలుగు సరిగ్గా రావాలని ఇంగ్లిషు గడిలో హెచ్ చేరుస్తారు. ఒక గడిలో తప్పు దిద్దడానికి రెండో గడిని పాడుచేయకండి, రెండూ వేర్వేరుగా దిద్దగలిగినవే. బయటికి వచ్చే ముందు చేతికిచ్చే రసీదులో రెండు వరుసలూ అక్షరం అక్షరం చదవండి. ఆ రసీదు మీద కనిపించిన తప్పును అక్కడికక్కడే అడగవచ్చు, కార్డు వచ్చాక కనిపించిన తప్పుకు మరో అవకాశం ఖర్చవుతుంది.

ఉద్యోగం చేస్తున్నవారైతే ఆధార్ ముట్టుకునే ముందు భవిష్య నిధి ఖాతాలో పేరు ఎలా ఉందో కూడా చూసుకోవాలి. అక్కడ పేరును ఆధార్‌తో పోలుస్తారు, ఇక్కడ మార్చగానే అక్కడ తేడా మొదలవుతుంది. మార్చకూడదని కాదు, దానికీ ఒక దరఖాస్తు పెట్టవలసి ఉంటుందని ముందే తెలిసి ఉండాలి.

పాన్‌లో మీకు ఉన్న Jyotsna Chilka దాదాపు సరిపోతుంది. మధ్య పేరు లేకపోవడం అక్షరాల తేడా అంత ప్రమాదకరం కాదు. అయినా ఆధార్ దిద్దిన వెంటనే దీన్నీ పూర్తి చేయమంటాను, ఎందుకంటే పాన్, ఆధార్ జోడించేటప్పుడు పేరు, పుట్టిన తేదీ, లింగం పోల్చి చూస్తారు. పాన్ కార్డు మీద అచ్చయ్యే తండ్రి పేరును కూడా అప్పుడే LAXMINARAYAN గా చూసుకోండి. పెళ్లయినా అక్కడ తండ్రి పేరే ఉంటుంది.

బ్యాంకు దగ్గర నా పాత కుర్చీలో కూర్చుని చెబుతున్నాను. అఫిడవిట్ తెచ్చి పేరు సరిచేశారా అని అడిగేవారు చాలామంది. Ch Jyosna, Jyotsna Laxminarayan Chilka ఇద్దరూ ఒకరే అని నోటరీ దగ్గర రాయించిన ప్రమాణ పత్రం శాఖాధికారి దస్త్రంలో పెట్టుకోవడానికి పనికివస్తుంది, అంతే. దానివల్ల కంప్యూటర్లో పేరు మారదు, దానిని ఏ యంత్రమూ చదవదు. దిద్దిన ఆధార్, పాన్ చూపి ఖాతా పేరునే మార్చమని లిఖితపూర్వకంగా అడగండి. అదే రోజు ఫిక్స్‌డ్ డిపాజిట్లు, లాకరు, నామినీగా మీ పేరు ఉన్న మీవారి ఖాతా కూడా చూడమనండి. ఖాతా దిద్ది డిపాజిట్‌ను మరిచిపోవడం మా దగ్గర మామూలే. మారిందో లేదో తెలుసుకోవడానికి ఇప్పుడు సులువైన దారి ఉంది. ఆర్‌టీజీఎస్, నెఫ్ట్ ద్వారా డబ్బు పంపేవారికి అవతలి ఖాతాదారు పేరు ముందే కనిపించే సౌకర్యాన్ని బ్యాంకులు 2025 ఏప్రిల్ 1 నాటికల్లా కల్పించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. మీ చెల్లెలినో స్నేహితురాలినో ఆన్‌లైన్‌లో మీ ఖాతా నంబరు కొట్టి ఏ పేరు కనిపిస్తోందో చెప్పమనండి. పాసుపుస్తకం మీద కొత్త పేరు అంటించి, లోపల పాత పేరే ఉంటే అక్కడ బయటపడుతుంది.

గెజెట్ విషయం ఇప్పుడు. రిజర్వు బ్యాంకు కేవైసీ నిబంధనల ప్రకారం, గుర్తింపు పత్రం ఇచ్చిన తర్వాత పేరు మారితే, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే వివాహ ధ్రువపత్రమో గెజెట్ ప్రకటనో జతచేస్తే పాత పత్రం చెల్లుతుంది. అది నిజంగా పేరు మారినవారి కోసం. మీ పేరు మారలేదు, స్పెల్లింగు చెదిరింది. మొదటి నుంచీ ఉన్న ఒక పత్రం వైపు మిగతావాటిని తిరిగి తెస్తున్నారు, అందుకు ఆ పత్రమే రుజువు. గెజెట్‌లో వేయిస్తే లేని మార్పును ఉన్నట్టు మీరే ప్రకటించినవారవుతారు. ఆ తర్వాత ప్రతి దరఖాస్తులోనూ మీకు వేరే పేరు ఉండేదా అనే ప్రశ్నకు అవునని రాయాలి. Jyotsna మానేసి Keerthi అని పెట్టుకోవాలనుకుంటేనో, ఇంటి పేరు మార్చుకుంటేనో అప్పుడు గెజెట్‌కు వెళ్లండి. ఆధార్ రెండు అవకాశాలూ అయిపోయినవారికి కూడా దాని అవసరం పడవచ్చు.

నాగరి వైపు చేయవలసింది తక్కువ. టీసీని ముట్టుకోకండి. चिलका అనే దీర్ఘం తప్పని దిద్దించబోతే బడి రిజిస్టరుకూ బోర్డుకూ మధ్య లేని తేడా పుట్టుకొస్తుంది. హిందీలో పేరు రాయమనే బ్యాంకు దరఖాస్తులు, కేంద్ర ప్రభుత్వ ఫారాలు వచ్చినప్పుడు టీసీలో ఉన్న ज्योत्स्ना, चिलका అనే రూపాలనే చూసి రాయండి, ఇంగ్లిషు నుంచి కొత్తగా తయారు చేయకండి. అమెరికా వీసా దరఖాస్తు డీఎస్-160లో మాతృభాష లిపిలో పూర్తి పేరు రాయమని ఒక గడి ఉంటుంది. మీకు తెలుగు లిపిలో రాయడం వస్తే తెలుగులో రాయండి, లేదా టీసీలో ఉన్న నాగరి రూపం రాయండి. సంతకం మరాఠీలో చేస్తున్నారా, తెలుగులోనా అన్నది స్పెల్లింగుకు సంబంధించినదే కాదు. బ్యాంకు పోల్చేది మీరు ఇచ్చిన నమూనా సంతకంతోనే, పేరుతో కాదు. పేరు దిద్దించే హడావిడిలో సంతకం కూడా ఇంగ్లిషులోకి మార్చేసి, తర్వాత చెక్కులు వెనక్కి వచ్చాయని మా దగ్గరికి వచ్చినవారు ఉన్నారు.

పిల్లలు ఉన్నారో లేదో మీరు రాయలేదు. పుడితే జనన ధ్రువపత్రం దగ్గర ఇంతకంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. 2023 అక్టోబరు 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవారికి పాస్‌పోర్టు కోసం పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. మనకు పదో తరగతి పత్రం చేసిన పనిని వారికి అదే చేస్తుంది. ఆసుపత్రిలో ఇచ్చే ఫారంలో తల్లి పేరు గడిని హడావిడిలో ఎవరో నింపేస్తారు. ఆ ఫారం మీరు అడిగి తీసుకుని, తల్లి పేరు దగ్గర JYOTSNA LAXMINARAYAN CHILKA అని మీ చేత్తో రాయండి.